వానిగాడా, వాన్కానా?

చెహోవ్ కథలు రెండు, 1886లో రాసిన ‘వాన్కా’, 1899 నాటి ‘దూషెచ్కా’, రష్యన్ నుంచి నేరుగా తెలుగు చేసింది ఆ అమ్మాయి. అచ్చు వేసేది వాళ్ళ బాబాయి. ప్రూఫులు దిద్దేవాణ్ణి గనక నేనూ ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. తగువంతా పేర్లకు అంటుకునే తోకల మీద. ఎవరూ నా అభిప్రాయం అడగలేదు, అయినా అక్కడక్కడ ఉండబట్టలేక కలగజేసుకున్నాను.

బాబాయి: చూడు అమ్మలూ, మొదటి కథలోనే చదివేవాడు తికమకపడతాడు. కథ పేరు వాన్కా. ఉత్తరం చివర సంతకం చూస్తే ఇవాన్ జూకొవ్. రెండో కథలో ఇంకో ఇవాన్ ఉన్నాడు, అతన్ని పెళ్ళాం వానిచ్కా అంటుంది. మాస్కోలో ప్రగతి వాళ్ళూ రాదుగ వాళ్ళూ వేసిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్రలో కొనుక్కుని చదివిన తరం మాది. ఒక్క మనిషికి నాలుగు పేర్లుంటే నలుగురు మనుషులనుకుని, ఇంత మంది ఎప్పుడొచ్చారా అని పేజీలు వెనక్కి తిప్పేవాళ్ళం.

అమ్మాయి: నలుగురు కాదు, ఒక్కడే అని తెలిశాక ఏం చేసేవాడివి?

బాబాయి: ఏముంది, అన్నీ ఇవానే అనుకుని చదివేసేవాణ్ణి.

అమ్మాయి: నా బాధ అదే బాబాయ్. అలా చదివితే ఎవరు ఎవరికి ఎంత దగ్గరో తెలియకుండానే కథ అయిపోతుంది. ఇవాన్ అనేది కాగితాల మీది పేరు. ఇవాన్ పెత్రోవిచ్ అంటే తండ్రి పేరు కలిపి పిలవడం. మన ‘గారు’ అందులోనే ఉంది, మళ్ళీ మనం తగిలించక్కర్లేదు. వాన్యా అంటే ఇంట్లో పేరు. అందులో పెద్ద ముద్దూ లేదు, కోపమూ లేదు, ఉన్నది చనువే. ఆ వాన్యాకి తోకలు పుడతాయి. ‘ఎచ్కా’ చేరి వానెచ్కా అయితే మాట కరిగిపోతుంది. చెహోవ్ కాలపు రాతలో అదే వానిచ్కా. వాన్యూషా అంటే ఆ ప్రేమలో కాస్త జాలి, కాస్త లాలన కలుస్తాయి. ఇవానుష్కా అన్నామా, పేదరాశి పెద్దమ్మ కథల్లోకి వెళ్ళిపోతాం. పొయ్యి మీద పడుకుని ఏ పనీ చెయ్యని ఆ అమాయకపు మూడో కొడుకు వాడే.

బాబాయి: మరి వాన్కా?

అమ్మాయి: దాని దగ్గరే కదా మనిద్దరికీ పేచీ. దానికి తరవాత వద్దాం.

బాబాయి: ఇన్ని చెప్పావు గానీ, వీటన్నిటికీ వ్యాకరణంలో ఒకే పేరుంది, చిన్నతనాన్ని చెప్పే ప్రత్యయాలని. అలాంటప్పుడు ‘చిట్టి వాన్యా’, ‘చిన్నారి వాన్యా’ అంటే సరిపోదూ?

అమ్మాయి: అలాగే చేస్తే ‘వోద్కా’ని ఏం చేస్తావు? వొదా అంటే నీళ్ళు. దానికి ‘కా’ తోక తగిలిస్తే వోద్కా. ‘చిట్టినీళ్ళు’ తాగి తూలాడని రాయమంటావా? రుకా అంటే చెయ్యి, రూచ్కా అంటే మనం రాసే పెన్ను. అగ్గిపుల్లకీ సీతాకోకచిలక్కీ ఈ తోకే ఉంది. వాడగా వాడగా చాలా మాటల్లో అది అరిగిపోయింది, రష్యన్ వాడికి చిన్న అన్న ఆలోచనే రాదు. ఇక అరగని చోటు చూడు. ఇంటికొచ్చిన వాళ్ళకి టీ ఇస్తూ చాయ్ అనకుండా ‘చయోక్’ అంటారు. మంచినీళ్ళని ‘వదీచ్కా’ అంటారు, రొట్టెని ‘ఖ్లేబుషెక్’ అంటారు. అవన్నీ చిన్న కప్పులూ చిన్న ముక్కలూ అని కాదు.

బాబాయి: మరేంటి?

అమ్మాయి: మొన్న పిన్ని నిన్ను ‘కొంచెం తలుపు వెయ్యండి’ అంది. తలుపు కొంచెమే వేశావా?

బాబాయి: (నవ్వి) గడియ పెట్టి మరీ వేశాను.

అమ్మాయి: ఆ ‘కొంచెం’ తలుపుకి చెందినది కాదు, అడిగే తీరుకి చెందినది. చయోక్‌లో ఉన్నదీ అదే. ‘కాస్త టీ పుచ్చుకుంటారా’ అన్నప్పుడు ‘కాస్త’ చేసే పని ఆ తోక చేస్తుంది. కాబట్టి నేను ‘చిన్న టీ’ అని రాయను, ‘కాస్త టీ’ అని రాస్తాను.

బాబాయి: ఇది ఒప్పుకున్నాను. కానీ అమ్మలూ, నీ మాటల్లోనే నా వాదం దొరికింది. రష్యన్ వాడు ప్రేమ పుడితే మనిషిని చిన్నవాణ్ణి చేస్తాడు, అంతేనా? మనం చేసేది దానికి సరిగ్గా తలకిందులు. ఉయ్యాల్లో పిల్లని ‘బుజ్జమ్మ’ అంటాం, ‘చిట్టితల్లి’ అంటాం. పాలబుగ్గల వెధవని పట్టుకుని ‘కన్నయ్యా’, ‘మా నాయనే’, ‘నాన్నా’ అంటాం. చంటిపిల్లకి అమ్మ హోదా, చంటివాడికి నాన్న హోదా ఇచ్చేస్తాం. రష్యన్ తల్లి వానెచ్కా అన్న చోట తెలుగు తల్లి ‘నాన్నా’ అంటుంది. నువ్వు వానెచ్కా అనే ఉంచితే అది మన చెవిలో దూరదు. పేరు తీసేసి ‘నాన్నా’ పెట్టు, అప్పుడు చూడు.

అమ్మాయి: తల్లి నోట అయితే పెడతాను. పేరు పక్కనే పెడతాను, ‘వాన్యా, నాన్నా’ అని. పేరు తీసెయ్యను. అయితే నువ్వన్నది అన్ని తోకలకీ వర్తించదు. ‘ఉష్కా’ సంగతి చూడు. దేదుష్కా అంటే తాతయ్య, బాబుష్కా అంటే బామ్మ. చర్చి గురువుగారిని బాత్యుష్కా అంటారు, వోల్గా నదిని మాతుష్కా అంటారు. గురువునీ నదినీ చిన్న చేస్తారా ఎవరైనా? ఆ తోకలో ప్రేమతో పాటు పెద్దరికం ఉంది, పల్లెటూరి పాతదనం ఉంది. అక్కడ మన ‘అయ్య’, ‘అమ్మ’ అచ్చంగా సరిపోతాయి. తాతకి ‘అయ్య’ చేరితే తాతయ్య, గోదారికి తల్లి చేరితే గోదారితల్లి.

బాబాయి: అయితే వాన్కా రాసిన ఉత్తరంలో ‘తాతయ్యా’ అని పెట్టావన్నమాట.

అమ్మాయి: పెట్టాను. ఆ కథలో నాకు ఏ కష్టమూ ఇవ్వని మాట అదొక్కటే.

ఇక్కడ నేను కలగజేసుకుని ఒక మాట అన్నాను. ఇంత సేపటి నుంచీ బాబాయి ఆ అమ్మాయిని మధ్య మధ్య ‘ఏరా’, ‘కాదురా నాన్నా’ అంటున్నాడు, ఆమె ఉలిక్కిపడటం లేదు. ఆడపిల్లని ‘రా’ అనడం, ‘నాన్నా’ అనడం మన ఇళ్ళల్లో ముద్దుకి పరాకాష్ఠ. దానికి రష్యన్‌లో ఏమైనా ఉందా అని అడిగాను.

అమ్మాయి: ఉంది మావయ్యా. స్వెత్లానాని ముద్దుగా స్వేతా అంటారు, ఇంకా ముద్దొస్తే ‘స్వేతిక్’ అంటారు. ‘ఇక్’ మగ తోక. తోల్యాని తోలిక్ అన్నట్టు. లేనాని లెనోక్ అనడమూ అంతే. బాబాయి నన్ను ‘ఏరా’ అన్న వాక్యాన్ని రష్యన్ చెయ్యాల్సి వస్తే నేను అలాంటి తోకే వాడతాను.

బాబాయి: సరే, ఇక తప్పించుకోకు. వాన్కా. తొమ్మిదేళ్ళ పిల్లాడు. పల్లెటూరి నుంచి తెచ్చి మాస్కోలో చెప్పులు కుట్టే అల్యాహిన్ దగ్గర పనికి పడేశారు. ఉయ్యాల ఊపుతూ నిద్రపోయాడని జుట్టు పట్టి ఈడుస్తారు. అలాంటి వాణ్ణి అందరూ ఏమంటారు మన దగ్గర? ‘వానిగాడు’ అంటారు. కథకి ‘వానిగాడు’ అని పేరు పెట్టు. ‘గాడు’ కంటే దగ్గరి మాట ఏముంది? వాసుగాడు వచ్చాడా అని స్నేహితుడు అడిగితే చనువు. అదే ‘గాడు’ని యజమాని పనివాడి పేరుకి తగిలిస్తే ఈసడింపు. ‘కా’ కూడా అంతేనని నువ్వే చెప్పావు.

అమ్మాయి: చెప్పాను. దాన్ని వెనక్కి తీసుకోను. ఎవరు అన్నారన్నది తేలితే గానీ ‘కా’ అర్థం తేలదు, ‘గాడు’ అర్థమూ తేలదు. ఆ ఒక్క విషయంలో రెండూ కవలలే. కానీ ‘వాన్కా’ అన్నది ఎవరు? కథలో మొదటి మాటే అది. అన్నవాడు యజమాని కాదు, స్నేహితుడు కాదు, కథ చెప్పేవాడు. అలాంటి పిల్లల్ని ఆ దేశంలో ఆ కాలంలో అందరూ అలాగే అనేవారు గనక అన్నాడు. అందులో ద్వేషం లేదు, ముద్దూ లేదు. వాడి అంతస్తు ఉంది, అంతే. ‘వానిగాడు’ అనగానే తెలుగు కథకుడు నవ్వుతున్నట్టు వినిపిస్తుంది. అల్లరి పిల్లాడి కథేదో మొదలవుతుందనుకుంటారు.

బాబాయి: ‘గాడు’ అనగానే నవ్వేనా? చెట్టు కింద కూర్చుని చెప్పులు కుట్టేవాణ్ణి ఊరంతా ఏమని పిలిచేవాళ్ళో నీకు తెలియదు, నాకు తెలుసు. ఆ పిలుపులో నవ్వు లేదు. నీకు నవ్వు వినిపించిందంటే నువ్వు సినిమాల్లో విన్నావు.

ఆమె వెంటనే ఏమీ అనలేదు. బాబాయి వేసిన ఆ దెబ్బ గట్టిదేనని నాకూ అనిపించింది.

అమ్మాయి: సరే, ఆ దెబ్బ కాచుకున్నాను. కానీ కథలోనే ఇంకో ‘కా’ ఉంది. ఉత్తరంలో ఆ పిల్లాడు ఊళ్ళో వాళ్ళకి దండాలు చెబుతాడు. అల్యోనాకి, ఒంటికన్ను ఎగోర్కాకి, బండివాడికి. ఎగోర్ అనకుండా ఎగోర్కా అంటాడు. వాన్కా నోట ఎగోర్కా వచ్చినప్పుడు అందులో కించపరచడం లేదు, ఒకే వంటింటి వెచ్చదనం కాచుకున్నవాళ్ళ చనువు ఉంది. ఒకే తోక కథ మొదట్లో అంతస్తు చెబుతుంది, చివర్లో ఆత్మీయత చెబుతుంది. నువ్వు ‘ఎగోరుగాడికి దండాలు’ అని రాస్తావా?

బాబాయి: దండాలు పెడుతూ గాడు అనడు. ‘ఎగోర్ మావకి’ అంటాడు.

అమ్మాయి: చూశావా! ఒకచోట ‘గాడు’, ఇంకోచోట ‘మావ’. రెండూ తెలుగులో బాగున్నాయి. కానీ రష్యన్‌లో రెండూ ఒకే తోక అన్న సంగతి పోయింది. వాన్కా, ఎగోర్కా అని ఉంచితే చదివేవాడికి రెండో దాని దగ్గర చెవి నిక్కబొడుచుకుంటుంది. ఇంకా ఉంది. ఓల్గా అనే పనిమనిషి ఉందనుకో, ఆమె ఓల్కా అవుతుంది. ‘కా’ మగకీ ఆడకీ ఒకటే. ‘గాడు’ని ఆడదానికి ఎలా తగిలిస్తావు?

బాబాయి: సుబ్బి, లచ్చి లాగా ‘ఓల్గి’ అంటాను. నన్ను ఇరుకున పెట్టలేవు. నాకొకటి చెప్పు, పిల్లాడు ఉత్తరం కింద వాన్కా అని ఎందుకు రాసుకోలేదు?

అమ్మాయి: మంచి ప్రశ్న. వందేళ్ళ ముందైతే, కాదు, ఇంకా చాలా ముందైతే, పెద్దవాళ్ళకి అర్జీ పెట్టుకునేవాడు అలాగే రాసుకోవాలి. పదిహేడో శతాబ్దంలో జారుకి విన్నపం రాసుకునే గొప్ప ప్రభువు కూడా తన పేరుని కత్తిరించుకుని, ‘నీ బానిస ఇవాష్కా’ అనే రాసుకునేవాడు. పొడుగు పేరు జారు ముందు పనికిరాదు. సగం పేర్లు రాయొద్దు, పూర్తి పేర్లే రాయండి అని పీటర్ చక్రవర్తి 1701లో ఆజ్ఞ ఇచ్చాడు. ఈ తోకలో వంగిన నడుం అప్పటి నుంచీ ఉందన్నమాట. మన పిల్లాడు తాతయ్యని కాళ్ళావేళ్ళా పడి బతిమాలుతూనే, సంతకం దగ్గరికొచ్చేసరికి ‘నీ మనవడు ఇవాన్ జూకొవ్’ అని పూర్తి పేరు రాసుకుంటాడు. కథ పేరు వాన్కా, సంతకం ఇవాన్. ఆ రెంటి మధ్య దూరం తెలియాలంటే రెండు పేర్లూ ఉన్నవున్నట్టు కనబడాలి.

బాబాయి: ‘వానిగాడు’ అని పేరు పెట్టి, ఇవాన్ జూకొవ్ అని సంతకం పెట్టినా ఆ దూరం కనబడుతుంది. ఇంకా బాగా కనబడుతుంది.

అమ్మాయి: ...

బాబాయి: ఏం, మాట్లాడవే?

అమ్మాయి: ఆలోచిస్తున్నాను. రెండో కథ చూద్దాం పద.

రెండో కథలో గొడవ పేరు దగ్గర నుంచే. దుషా అంటే ప్రాణం, ఆత్మ. దానికి ‘ఎచ్కా’ తోక పడితే దూషెచ్కా. తెలుగు అక్షరాల్లో రాస్తే దూషణలా కనబడుతోందని ముందుగా గోల పెట్టింది నేనే. ఆ ఒక్క విషయంలో ఇద్దరూ నా మాట విన్నారు.

బాబాయి: ఓలెంకా అనే ఆ మెత్తని మనిషిని ఊళ్ళో ఆడవాళ్ళు మాటల మధ్యలో ఉన్నట్టుండి చెయ్యి పట్టుకుని దూషెచ్కా అంటారని రాశావు. మన ఆడవాళ్ళయితే ఏమంటారు? బుగ్గలు పుణికి ‘మా తల్లే!’ అంటారు. ఆ ‘ఏ’లోనే నీ ‘ఎచ్కా’ అంతా ఉంది. కథ పేరు ‘మా తల్లే’.

అమ్మాయి: అదే మాట ఆమె మొదటి మొగుడు కూకిన్ కూడా అంటాడు బాబాయ్. కొత్త పెళ్ళాం మెడా, బొద్దు భుజాలూ చూసి చేతులు విసిరి అంటాడు.

బాబాయి: (తల పట్టుకుని) రామ రామ.

అమ్మాయి: అందుకే ‘బంగారం’ అని పెట్టాను. ఇరుగమ్మలూ అనవచ్చు, మొగుడూ అనవచ్చు. ప్రాణం అన్న అర్థం పోయింది, ఒప్పుకుంటాను. కానీ రష్యన్‌లో ఆ మాట అనేవాళ్ళకీ ప్రాణం, ఆత్మ గుర్తుకు రావు, ఆ మనిషి నచ్చిందన్నదే ఉంటుంది. తోక పని బతికింది, మొదలు పోయింది. ఏదో ఒకటి వదులుకోవాలంటే నేను మొదలునే వదులుకుంటాను.

బాబాయి: బాగుంది. మరి మొగుళ్ళ సంగతో? తోట నాటకాల కూకిన్‌ని పెళ్ళాడి ‘వానిచ్కా’ అంటుంది. వాడు పోయాక కలప అడితి పుస్తొవాలొవ్‌ని చేసుకుని ‘వాసిచ్కా’ అంటుంది. వాడూ పోయాక పశువుల డాక్టరు వొలోదిచ్కా అవుతాడు. పందొమ్మిదో శతాబ్దపు తెలుగు ఇల్లాలు మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుందా? ‘మా ఆయన’ అంటుంది. ఆమె ఎప్పుడూ ‘నేనూ వానిచ్కా’, ‘నేనూ వానిచ్కా’ అంటూ ఉంటే నాటకాల వాళ్ళు ఆమెకి అదే పేరు పెట్టేశారన్నావు. ‘మా ఆయన’ అని పెట్టు. మనవాళ్ళు సరిగ్గా అలాగే పేర్లు పెడతారు, ‘అదిగో మా-ఆయన గారొస్తోంది’ అని.

అమ్మాయి: ఇది వింటే నవ్వొచ్చింది బాబాయ్, నిజంగా బాగుంది. అయినా వాడలేను. చెహోవ్ అక్కడ చేసిన పని చూడు. వానిచ్కా, వాసిచ్కా, వొలోదిచ్కా. మొగుడు మారినప్పుడల్లా పేరు మొదలు మారుతుంది, తోక మారదు. ఆమె ప్రేమించే తీరు ఒక్కటే, దాన్ని వచ్చినవాడి పేరుకి తగిలిస్తుంది. మూడు పేర్లూ వరసగా చెవిన పడితే గానీ ఇది తెలియదు. ‘మా ఆయన’ అంటే మొదలూ తోకా రెండూ మారవు.

బాబాయి: అది ఇంకా గట్టిగా చెప్పినట్టు కాదూ? మొగుడెవరైనా మాట ఒకటే!

అమ్మాయి: గట్టిగా అయితే చెబుతుంది, కానీ అబద్ధం చెబుతుంది. ఆమెకి వానిచ్కా వేరు, వాసిచ్కా వేరు. ఒకడితో నాటకాల గొప్ప మాట్లాడుతుంది, ఇంకొకడితో దూలాలూ పలకలూ తప్ప లోకం లేదంటుంది. పైగా మూడోవాడి దగ్గర నీ మాట చెల్లనే చెల్లదు. ఆ డాక్టరుకి వేరే పెళ్ళాం ఉంది. ఊరి ముందు ‘మా ఆయన’ అనలేదు. స్నేహితులొచ్చినప్పుడు పశువుల రోగాల గురించి ఆమె మాట్లాడితే, వాళ్ళు వెళ్ళాక అతను చెయ్యి పట్టుకుని కసురుకుంటాడు. అప్పుడామె వొలోదిచ్కా అంటుంది. ఆ పిలుపు ఒక్కటే వాళ్ళ సంబంధానికి ఆనవాలు. వొలోద్యా అన్నా అంత తెలిసిపోదు.

బాబాయి: సరే, మూడూ ఉంచుకో. కానీ తెలుగు చెవికి ‘ఇచ్కా’ ముద్దని ఎలా తెలుస్తుంది? అది చెప్పకుండా ఉంచితే నీది అనువాదం కాదు, లిప్యంతరం.

అమ్మాయి: పేరు పక్కన ఉన్న తెలుగే చెబుతుంది. రష్యన్ వాడు తోకలో పెట్టిన దాన్ని మనం క్రియ చివర పెడతాం. ‘రా’, ‘వే’, ‘అండీ’, ‘లే’, ‘ఊఁ’. మొదటి ఇద్దరితో ‘వానిచ్కా, అలా దిగులు పడకండీ’ అని రాశాను, డాక్టరు దగ్గర ‘వొలోదిచ్కా, మరి నన్నేం మాట్లాడమంటావు’ అని ‘నువ్వు’లోకి దించాను. రష్యన్‌లో అందరికీ ‘నువ్వే’. అది నేను చేసిన మార్పు, దాచుకోను.

నాకు ఇక్కడ ఆమెతో పేచీ ఉంది. ‘అండీ’ పెట్టగానే వానిచ్కాలో ఉన్న ఒళ్ళో కూర్చోబెట్టుకునే తనం సగం చల్లారిపోతుంది. ప్రూఫు అంచున పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాను.

బాబాయి: చివర్న ఆ పిల్లాడున్నాడే, పదో ఏడు నడుస్తున్న డాక్టరు కొడుకు సాషా. వాణ్ణి ‘సాషెంకా’ అంటుంది. అక్కడ తోక ఎందుకు మారింది?

అమ్మాయి: ‘సాషెచ్కా’ అనీ అనవచ్చు, కానీ సాషాకి ‘ఎంకా’యే వాడుక. ఎచ్కాలో మురిపెం ఎక్కువ. ఎంకాలో మెత్తదనం ఎక్కువ, చేత్తో నిమిరినట్టుంటుంది. అదే తోకని ఆమె వాడి తెలివికీ తెల్లదనానికీ కూడా తగిలిస్తుంది, ‘ఊమ్నెంకీ’, ‘బేలెంకీ’ అని. పెద్దవాళ్ళని అలా అంటే వెటకారం. నేను ‘తెలివైన చిట్టి’ అని రాయలేదు. ‘ఎంత తెలివో నా కన్నకి, ఎంత తెలుపో’ అని తిప్పి రాశాను. బడికి పోతున్న వాడి వెనకాలే వీధిలో నడుస్తూ పిలుస్తుంది చూడు, అక్కడ మాత్రం నీ మాటే విన్నాను. ‘సాషెంకా’ పక్కన ‘కన్నా’ చేర్చాను. అంత పొడుగు లావాటి మనిషి వెనక పడి నడుస్తుంటేనే వాడికి సిగ్గు. ఇక నడివీధిలో ‘కన్నా’ అంటే ఏ తెలుగు కుర్రాడైనా తల వంచుకుని జోరుగా నడుస్తాడు.

బాబాయి: వాడి చేతిలో ఏదో పెడుతుంది కదా, ఖర్జూరమో ఏదో.

అమ్మాయి: ఖర్జూరపుపండో, ‘కరమేల్కా’నో.

బాబాయి: అదిగో, మళ్ళీ ‘కా’! ఇది ముద్దా, ఈసడింపా?

అమ్మాయి: రెండూ కాదు. కరమేల్ అంటే ఆ మిఠాయి సరుకంతా. ‘కా’ చేరితే అందులో ఒక్కటి అని అర్థం.

బాబాయి: అంటే బిళ్ళ. ‘పంచదార బిళ్ళ’ అని పెట్టు. మనకీ ఉంది ఆ తోక.

అమ్మాయి: పెట్టేశాను, చూడు. ఇక వాన్కా ఒక్కటే మిగిలింది.

బాబాయి: అట్ట మీద ‘వానిగాడు’.

అమ్మాయి: లోపల ‘వాన్కా’.

బాబాయి: కుదరదురా. రెండింట్లో ఒక్కటే. బొమ్మలు వేసేవాడు సోమవారం పేరు అడుగుతున్నాడు.